ఒకరికి రాసి పదిమంది చదివే సందేశం

పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కాఫీలు తాగి, ప్లేట్లో పెట్టిన స్వీటు సగం తిని, లేచి గుమ్మం దాటబోతూ అనే మాట ఒకటుంది: "ఇంటికెళ్ళి కబురు చేస్తాం." ఆ మాట అనే హక్కు ఎప్పుడూ మగపెళ్ళివారిదే. ఆడపిల్లవారి పని ఆ కబురు కోసం ఎదురుచూడటం. వారం దాటినా కబురు రాకపోతే మధ్యవర్తికి ఫోన్ చేసి, వేరే విషయాలు రెండు మాట్లాడి, చివర్లో "అన్నట్టు, వాళ్ళేమైనా అన్నారా?" అని అడిగేవారు.

వద్దనుకున్నా వద్దని ఎవరూ అనేవారు కాదు. "జాతకాలు కలవలేదట" అనేవారు. "అబ్బాయి ఇప్పుడప్పుడే చేసుకోనంటున్నాడు" అనేవారు. ఆడపిల్లవైపు కూడా ఇలాంటి మాటలే ఉండేవి: "అంత దూరం పంపడం వాళ్ళ నాన్నగారికి ఇష్టం లేదు," "పిల్ల ఇంకా చదువుకుంటానంటోంది." విన్నవాళ్ళకు అసలు సంగతి తెలుసు, చెప్పినవాళ్ళకు వాళ్ళకు తెలుసన్న సంగతీ తెలుసు. మధ్యలో పెళ్ళిళ్ళ పేరయ్యో, వరసకు అత్తయ్యో ఉండి మాటల పదును తగ్గించి అటూ ఇటూ చేరవేసేవారు. ఈ ఏర్పాటులో లోపాలు చాలా ఉన్నా ఒక సుఖం ఉండేది. పెళ్ళికూతురు కావలసిన పిల్ల తన నోటితో ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆమె కాదన్నా ఆ కాదు తండ్రి నోటి మీదుగానో, మధ్యవర్తి నోటి మీదుగానో వెళ్ళేది. ఆమె మాట ఎవరూ అడగని ఇళ్ళలో అసలు బయలుదేరేదే కాదు, అది వేరే కథ.

ఇప్పుడు పెళ్ళిచూపులకూ తాంబూలాలకూ మధ్య కొత్త మెట్టొకటి వచ్చింది. మొదటిసారి పెద్దల సమక్షంలో చూసుకుంటారు, పావుగంట బాల్కనీలోనో మేడమీదో మాట్లాడుకోనిస్తారు, నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటారు. ఆ తర్వాత పెద్దవాళ్ళు లేకుండా, ఏ కాఫీ షాపులోనో ఒకసారి కలుస్తారు. ఆ రెండో కలయికకు రమ్మని అబ్బాయి వాట్సాప్‌లో నేరుగా అమ్మాయినే అడుగుతాడు. అడిగింది ఆమెను కాబట్టి జవాబూ ఆమే చెప్పాలి. అవునంటే ఇబ్బంది లేదు. కాదనాల్సి వస్తే ఎలా రాయాలో ఆమెకు నేర్పినవాళ్ళు లేరు. వాళ్ళమ్మకూ తెలియదు, ఎందుకంటే వాళ్ళమ్మకు అలాంటి ఉత్తరం రాసే అవసరం రాలేదు.

ఆ నాలుగు వాక్యాల సందేశం గురించే ఈ వ్యాసం. అది కష్టమయ్యేది మొహమాటం వల్ల మాత్రమే కాదు. అది ఒకరి పేరున వెళుతుంది, పదిమంది చదువుతారు. అబ్బాయి చదివి వాళ్ళమ్మకు చూపిస్తాడు. ఆవిడ హాల్లో కూర్చుని భర్తకు పైకి చదివి వినిపిస్తుంది. స్క్రీన్‌షాట్ మధ్యవర్తికి వెళుతుంది, మధ్యవర్తి నుంచి మళ్ళీ అమ్మాయి ఇంటికే వస్తుంది. ఇందులో దురుద్దేశం ఉండక్కర్లేదు. సంబంధం రెండు ఇళ్ళ వ్యవహారం కాబట్టి సందేశమూ రెండు ఇళ్ళ కాగితమే అవుతుంది. కాబట్టి రాసేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్న "అతనికి ఎలా అనిపిస్తుంది?" అన్నది ఒక్కటే సరిపోదు. "దీన్ని వాళ్ళ హాల్లో పైకి చదివితే ఎలా ఉంటుంది?" అన్నది అసలు ప్రశ్న.

ఒక సందర్భం ఊహించుకుందాం. అమ్మాయికి 27 ఏళ్ళు, సొంతూరు గుంటూరు దగ్గర, ఉద్యోగం గచ్చిబౌలిలో. అబ్బాయికి 30, వాళ్ళది రాజమండ్రి, అతను బెంగళూరులో పనిచేస్తున్నాడు. సంబంధం తెచ్చింది అమ్మాయి మేనత్తగారి తోడికోడలు. ఆదివారం మధ్యాహ్నం కూకట్‌పల్లిలో పిన్ని ఇంట్లో చూపులయ్యాయి. బాల్కనీలో మాట్లాడుకున్నారు. అబ్బాయి మర్యాదగానే ఉన్నాడు. పెళ్ళయ్యాక బెంగళూరు రావడం గురించి మాట్లాడినప్పుడు మాత్రం, ఆమె ఏమంటుందో వినకముందే ఆమె తరఫున కూడా అతనే నిర్ణయించేసుకున్నట్టు ఆమెకు తోచింది. అంతకు మించి చెప్పుకోదగ్గ తప్పేమీ లేదు. ఇంటికి వచ్చాక ఎంత ఆలోచించినా మనసు అటు వెళ్ళలేదు.

సోమవారం సాయంత్రం అతని నుంచి సందేశం: "హాయ్ అండీ. నిన్న మీతో మాట్లాడటం బాగా అనిపించింది. వచ్చే శనివారం నేను హైదరాబాద్‌లోనే ఉంటాను. వీలైతే ఎక్కడైనా కాఫీకి కలుద్దామా?"

మంచి సందేశమే. జవాబుగా మొదట ఆమె వేళ్ళకు వచ్చేది దాదాపు ఇలా ఉంటుంది:

"హాయ్ అండీ, లేట్ రిప్లైకి సారీ. ఈ శనివారం ఆఫీసులో రిలీజ్ ఉంది, కొంచెం బిజీ. మీరు చాలా మంచివారు, కానీ నేనే ఇంకా పెళ్ళికి రెడీగా లేనేమో అనిపిస్తోంది. కాస్త టైమ్ కావాలి. ప్లీజ్ ఏమీ అనుకోకండి."

ఎవరినీ నొప్పించకూడదని రాసిన మాటలివి. హాల్లో పైకి చదివి చూడండి. శనివారం బిజీ అన్నమాటకు ఎవరైనా ఇచ్చే జవాబు, పైవారం కలవండి అని. టైమ్ కావాలన్నదానికి జవాబు, ఎంత టైమ్ అని. ఆషాఢం వెళ్ళాక శ్రావణంలో మాట్లాడుకుందామని పెద్దాయన అంటారు, ఆ మాట నిజమైన మర్యాదతోనే అంటారు. "చాలా మంచివారు" అన్నచోట వాళ్ళమ్మగారు ఆగుతారు: "మంచివాడే అంటోందిగా, ఇంకేం?" ఇక పెళ్ళికి సిద్ధంగా లేనన్న మాట అన్నిటికన్నా దూరం వెళుతుంది. సిద్ధంగా లేని పిల్లను చూపులకు ఎందుకు కూర్చోబెట్టారని అది తల్లిదండ్రుల మీదికి పోతుంది. రెండు నెలల తర్వాత ఇంకో సంబంధం చూశారని తెలిస్తే ఆ మాట అబద్ధమని తేలిపోతుంది కూడా. ఈ సందేశంలో ఒక్క వాక్యం కూడా వద్దని చెప్పలేదు. నాలుగు అడ్డంకులు చెప్పింది, నాలుగూ తొలగించగలిగినవే. అబ్బాయి బుద్ధిమంతుడైతే వాటిని తొలగించే పనిలో పడతాడు. వేధిస్తున్నాడని ఆమె విసుక్కుంటుంది. అతను మాత్రం ఆమె చెప్పింది చెప్పినట్టు నమ్మాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. సూటిగా వద్దనకపోయినా అర్థం చేసుకోలేరా అని. చేసుకోగలరు. బ్రిటన్‌లో సీలియా కిట్జింగర్, హన్నా ఫ్రిత్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో ప్రచురించిన వ్యాసంలో వాదించింది ఇదే. మామూలు సంభాషణలో జనం దేన్నైనా కాదనేటప్పుడు సూటిగా అనరు. తటపటాయిస్తారు, ముందు ఒక మంచిమాట అంటారు, ఒక కారణం చూపిస్తారు. ఎదుటివాళ్ళు దాన్ని తిరస్కారంగానే గుర్తుపడతారు. అమ్మాయిలు గట్టిగా కాదని చెప్పడం నేర్చుకోవాలని బోధించడం కంటే, అందరికీ అర్థమయ్యే ఆ మాటలను అర్థం కానట్టు నటించేవారిని నిలదీయాలని వాళ్ళ ఉద్దేశం. నాకు ఆ వాదన సబబుగానే అనిపిస్తుంది. అయితే ఎదురుగా కూర్చున్నప్పుడు తటపటాయింపు కనిపిస్తుంది, గొంతు వినిపిస్తుంది. వాట్సాప్‌లో ఆరు గంటల మౌనం తటపటాయింపో, మీటింగో ఎవరికి తెలుసు? పైగా అబ్బాయికి అర్థమైనా అతను దాన్ని ఇంకో నలుగురికి వివరించాలి. "ఆవిడ వద్దన్నట్టే అమ్మా" అని అతను అంటే, "ఎక్కడంది, చూపించు" అని వాళ్ళమ్మ అడిగితే, చూపించడానికి వాక్యం ఉండాలి. ఆ వాక్యం ఇవ్వడం అతనికి చేసే మేలు.

సరే, నాన్చుడు వద్దనుకుని అమ్మాయి రెండోసారి రాసింది. ఈసారి నిజాయితీ ఎక్కువైంది:

"ఉన్నదున్నట్టు చెబుతున్నాను. నా ఉద్యోగం గురించి మీరు మాట్లాడిన తీరు నాకు నచ్చలేదు. బెంగళూరు రావడం గురించి నన్ను అడగకుండానే మీరు నిర్ణయించేసుకున్నారు. మన ఆలోచనలు కలవవు."

నిజమే కావచ్చు. కానీ పావుగంట పరిచయంలో ఏర్పడిన అభిప్రాయాన్ని ఆమె తీర్పుగా రాసింది. అది హాల్లోకి వెళ్ళాక అభియోగమవుతుంది. "మేమెప్పుడు ఉద్యోగం మానమన్నాం? బెంగళూరులో ఉద్యోగాలు లేవా? అతను మామూలుగా అడిగాడు" అంటూ సమాధానాలు బయలుదేరుతాయి. మధ్యవర్తి రెండు వైపులా సర్ది చెప్పే పని నెత్తిన వేసుకుంటుంది. మూడు రోజుల తర్వాత అబ్బాయి నుంచి పెద్ద వివరణ వస్తుంది. నిజంగా పొరపాటు పడ్డానని అతను ఒప్పుకుంటే ఇక ఆమె దగ్గర కారణం మిగలదు, ఇష్టం లేకపోవడం మాత్రం మిగిలే ఉంటుంది. చెప్పిన ప్రతి కారణం తెరిచి ఉంచిన తలుపే. ఒకసారి చూసుకున్నవారికి వివరంగా కారణం చెప్పవలసిన బాకీ లేదన్నది నా అభిప్రాయం. రెండు మూడు సార్లు కలిసి, ఫోన్లలో గంటలు మాట్లాడుకున్నాక అయితే ఆ బాకీ ఉంటుంది, అప్పుడు సందేశం చాలదు, ఫోన్ చేసి చెప్పాలి.

మూడోసారి ఆమె రాసింది ఇలా ఉందనుకుందాం:

"నమస్తే అండీ. ఆదివారం మీరంతా వచ్చినందుకు, ఇవాళ నన్నే నేరుగా అడిగినందుకు థ్యాంక్స్. నిదానంగా ఆలోచించుకున్నాను. ఈ సంబంధం మనకు కుదరదని నాకు అనిపించింది, అందుకని మళ్ళీ కలవడం వద్దనుకుంటున్నాను. ఇది నా నిర్ణయమే. ఇంట్లో చెప్పాను, మా నాన్నగారు ఈ సాయంత్రం అత్తయ్యగారి ద్వారా మీ ఇంట్లోవాళ్ళకు తెలియజేస్తారు. మీ అమ్మగారికి, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. మీకు మంచి సంబంధం కుదరాలని కోరుకుంటున్నాను."

ఇందులో అతని గుణగణాల ప్రస్తావన లేదని గమనించండి. మెచ్చుకోలూ లేదు, ఫిర్యాదూ లేదు. థ్యాంక్స్ చెప్పింది అతను చేసిన పనులకు: వచ్చాడు, పెద్దల చేత అడిగించకుండా తనే అడిగాడు. ఇవి కాదనలేని విషయాలు. "మీరు చాలా మంచివారు, కానీ" అని మొదలుపెడితే ఆ కానీ ముందున్నదాన్నంతా చెరిపేస్తుంది, చదివేవాడి కన్ను దాని మీదే పడుతుంది. ఇక్కడ కానీకి చోటు లేదు. "కుదరదు" అన్న మాటకు పెళ్ళి విషయంలో పాత మన్నన ఉంది. సంబంధం కుదరకపోవడం ఎవరి తప్పూ కాదని మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే అది ఒక్కటే రాసి ఊరుకుంటే "ఎందుకు కుదరదు, మేము కుదురుస్తాం" అనే పెద్దమనుషులు ఉంటారు. అందుకే దాని వెనకే "వద్దనుకుంటున్నాను" వచ్చింది. కలవలేనంటే వీలు లేదనుకుంటారు. వద్దనుకుంటున్నానంటే అది ఇష్టానికి సంబంధించిన మాట, దానికి ఎదురు లెక్క ఉండదు.

"ఇది నా నిర్ణయమే" అన్న వాక్యం దగ్గర మాత్రం భిన్నాభిప్రాయాలు ఉంటాయి. ఇంట్లో ఒప్పుకోలేదని తండ్రి మీద పెట్టేయడం సులువు, చాలామంది అలాగే చేస్తారు. కానీ ఆ కబురు అటు చేరాక నాన్నగారిని ఒప్పించడానికి నలుగురు బయలుదేరతారు. లేదా పిల్లకు ఇష్టమే, పెద్దవాళ్ళే అడ్డుపడ్డారన్న ప్రచారం మొదలవుతుంది. నిర్ణయం తనదని రాస్తే మాట అక్కడితో ఆగుతుంది. ఇంట్లో చెప్పానన్న తర్వాతి వాక్యం ఇంకో పని చేస్తుంది: ఆమె పెద్దలకు తెలియకుండా తొందరపడి రాసిందేమో, ఒకసారి వాళ్ళతో మాట్లాడి చూద్దామన్న ఆశకు తావివ్వదు.

అయితే ఆ వాక్యం నిజం కావాలి. సందేశం రాయడం కన్నా ముందు జరగవలసిన మాటలు ఇంట్లో ఉన్నాయి, కష్టమైన భాగం అదే.

"ఏం లోపం కనిపించిందే అతనిలో?"

"లోపమేం లేదమ్మా."

"మరి? ఇంకోసారి మాట్లాడి చూస్తే పోయేదేముంది? రెండోసారి కలిసినంత మాత్రాన తాళి కట్టేస్తాడా?"

తల్లి అడిగిన ప్రశ్నలో న్యాయం ఉంది. ఒకసారి చూసి తేల్చడం తొందరే కావచ్చు. నిజంగా సందేహంగా ఉంటే రెండోసారి కలవడమే మేలు. కానీ ఈ తల్లికీ ఒక సంగతి తెలుసు: మన వ్యవహారంలో రెండో కలయికకు వెళ్ళడం సగం ఒప్పుకున్నట్టే లెక్క. అబ్బాయి అమ్మాయి కాఫీ తాగి ఇళ్ళకు చేరేలోపే అటువైపు పెద్దలు మధ్యవర్తితో ఇచ్చిపుచ్చుకోవడాల ప్రస్తావన తెస్తారు, తాంబూలాలకు రోజులు చూసుకుంటారు. ఆ తర్వాత కాదంటే "రెండుసార్లు కలిసి మాట్లాడి మరీ వద్దంది" అవుతుంది. అందుకే మనసు ముందే తేలిపోయిన మనిషి, మర్యాద కోసమని రెండోసారి వెళ్ళడం అవతలివారికి మర్యాద కాదు. ఈ మాట తల్లికి సరిగ్గా ఈ రూపంలో చెబితే చాలాసార్లు తలకెక్కుతుంది. "నచ్చలేదు" అంటే వాదన పెరుగుతుంది. "ఇష్టం లేకుండా వెళ్ళి వాళ్ళకు ఆశపెట్టడం ఎందుకమ్మా" అంటే ఆవిడకు తన పరువు, వాళ్ళ పరువు రెండూ కనిపిస్తాయి.

ఇంట్లో ఒప్పుకున్నాక వరస ముఖ్యం. సందేశం ముందు వెళ్ళి, మధ్యవర్తికి ఎవరూ చెప్పకపోతే ఏమవుతుందో చూడండి. అబ్బాయి తల్లి తోడికోడలుగారికి ఫోన్ చేసి "ఇదేమిటండీ ఇలా పెట్టింది" అంటుంది. ఆవిడకు ఏమీ తెలియదు. సంబంధం తెచ్చినందుకు తనకు ఇచ్చిన విలువ ఇదా అని నొచ్చుకుంటుంది, ఆ నొప్పి మేనత్తగారి కాపురంలోకి వెళ్ళి కూర్చుంటుంది. పోనీ మధ్యవర్తికి ముందు చెప్పి, అమ్మాయి రెండు రోజులు ఆగితే? అడిగినవాడు తానైతే జవాబు వాళ్ళమ్మ నోట వింటాడు. అది ఇంకా అవమానం. అందుకని రెండూ ఒకే సాయంత్రం, గంట తేడాలో జరగాలి. ముందు అమ్మాయి సందేశం, ఆ వెంటనే నాన్నగారి ఫోన్.

ఈ ఫోన్ దగ్గరే ఎక్కువ సంబంధాలు చిక్కుపడతాయి. తండ్రికి సూటిగా చెప్పడం చేతకాదు, పాత అలవాటు కొద్దీ "ఇంకా ఆలోచిస్తోందమ్మా, చూద్దాం" అనేస్తాడు. అక్కడ అబ్బాయి ఫోన్‌లో వద్దనుకుంటున్నానని ఉంటుంది, ఇక్కడ తండ్రి చూద్దామంటున్నాడు. పెద్దలు సహజంగా పెద్దల మాటే పట్టుకుంటారు. ఇలా రెండు నెలలు లాగబడి, చివరికి "తండ్రి ఒకటి చెబుతాడు, కూతురు ఒకటి చెబుతుంది" అన్న పేరు మిగులుతుంది. కాబట్టి ఆయన ఏమంటారో కూతురు ముందే అడిగి తెలుసుకోవాలి. "అమ్మాయి వద్దనుకుంటోందమ్మా. వాళ్ళ వైపు లోపమేమీ లేదు, నువ్వు మంచి సంబంధమే తెచ్చావు. అబ్బాయికి కూడా అమ్మాయి చెప్పేసింది" అంటే చాలు. మూడో వాక్యం మరిచిపోకూడదు. మధ్యవర్తి తన సొంత మెరుగులు దిద్దకుండా ఆపేది అదే. జాతకాల మీద పెట్టాలని ఆవిడకు చేతులు దురద పెడతాయి. పెట్టిందా, "మా సిద్ధాంతిగారికి చూపిస్తాం, దోషానికి శాంతి ఉంటుంది" అని అటునుంచి వస్తుంది.

ఎంత త్వరగా చెప్పాలంటే, మనసు తేలాక ఒకటి రెండు రోజులకు మించి ఆగకూడదు. అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో రెండు మూడు వారాల సెలవు మీద వచ్చిన అబ్బాయి విషయంలో ఆ గడువు ఇంకా తగ్గుతుంది. అతను ఆ కొద్ది రోజుల్లో నాలుగైదు ఇళ్ళకు వెళ్ళాలి, ఇక్కడి జవాబు కోసం అక్కడ ఆపి ఉంచిన ఇల్లు ఇంకొకటి ఉంటుంది, ఆ ఇంట్లో ఇంకో అమ్మాయి ఎదురుచూస్తూ ఉంటుంది. రాత్రి పదకొండు గంటలకు మాత్రం పంపకూడదు. ఆ వేళప్పుడు చదివినవాడు దాంతోనే తెల్లవారుస్తాడు. చిన్న సలహా ఇంకొకటి: వాట్సాప్ పెట్టెలో కూర్చుని చిత్తుప్రతి రాయకండి. అటువైపు మీ పేరు కింద టైప్ చేస్తున్నట్టు అరగంట కనిపిస్తూ ఉంటుంది, అతను ఊపిరి బిగపట్టి చూస్తూ ఉంటాడు. నోట్స్‌లో రాసుకుని, ఇంట్లో ఒకరికి పైకి చదివి వినిపించి, అప్పుడు అతికించండి. పంపాక దిద్దడానికి వాట్సాప్ ఇచ్చేది 15 నిమిషాలే.

అందరికీ ఇదే ప్రతి పనికిరాదు. మేనబావను కాదనాల్సి వస్తే ఇలాంటి సందేశం పంపడమే తప్పు. అతను రేపు పెద్దనాన్నగారి షష్టిపూర్తిలో పక్క విస్తట్లో కూర్చుంటాడు. అక్కడ నమస్తే అండీలు, నమస్కారాలు రాస్తే ఎగతాళిలా ఉంటుంది. అది పుట్టింటి అక్కచెల్లెళ్ళ మధ్య, అన్నదమ్ముల మధ్య నోటిమాటగా తేలాలి. తర్వాత బావతో ఆమె నేరుగా ఓ మాట మాట్లాడుకోవాలి. కట్నం మాట ఎత్తినందుకు వద్దనుకున్న సంబంధమూ వేరే. 1961 నాటి చట్టం ప్రకారం కట్నం అడగడమే నేరం. దాన్ని కుదరలేదన్న మెత్తటి మాట కింద దాచిపెట్టనక్కర్లేదని నా అభిప్రాయం. అయితే అది అబ్బాయి, అమ్మాయి మధ్య సందేశంలో కాదు, అడిగిన పెద్దలకు ఈ పెద్దలే చెప్పాలి.

పంపాక వచ్చే జవాబులు ఎక్కువగా మర్యాదగానే ఉంటాయి. "ఓకే అండీ, సూటిగా చెప్పినందుకు థ్యాంక్స్" అని వస్తే ఒక్క నమస్కారం బొమ్మ చాలు, అక్కడితో ముగించాలి. జాలిపడి మళ్ళీ మాట కలిపితే ఆశ పెట్టినట్టవుతుంది. "కారణం తెలుసుకోవచ్చా?" అని ఒకసారి అడగడం సహజం. అది తప్పు కాదు, చదువుకున్న మనిషి అడిగే ప్రశ్నే. "ప్రత్యేకించి ఏమీ లేదండీ, నాకు అలా అనిపించింది, అంతే" అని చెప్పి ఊరుకోవచ్చు. రెండోసారి అడిగితే కొత్త జవాబు వెతుక్కోనవసరం లేదు, పాతదే మళ్ళీ పంపాలి. మాటలు మారిస్తే బేరం మొదలవుతుంది.

అరుదుగా వ్యవహారం దాటిపోతుంది. రోజూ సందేశాలు, ఆఫీసు గేటు దగ్గర ఎదురుపడటం, ఇన్‌స్టాగ్రామ్‌లో వెంటపడటం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ దీని గురించే ఉంది. అంతకు ముందు 2013 నుంచి పాత శిక్షాస్మృతిలో 354డి సెక్షన్‌గా ఉండేది. తనకు ఆసక్తి లేదని మహిళ స్పష్టంగా తెలియజేసిన తర్వాత కూడా మగవాడు పదేపదే వెంటపడటం, పరిచయం పెంచుకోవాలని చూడటం నేరం. మొదటిసారికి మూడేళ్ళ వరకు, మళ్ళీ చేస్తే ఐదేళ్ళ వరకు జైలు, జరిమానా. చట్టం అడిగేది ఆ స్పష్టతనే అని చూడండి. "ఈ వారం బిజీ, కాస్త టైమ్ కావాలి" అన్న మొదటి చిత్తుప్రతి పోలీస్ స్టేషన్‌లో ఏం చెబుతుంది? మూడోదాంట్లో "మళ్ళీ కలవడం వద్దనుకుంటున్నాను" అన్న వాక్యం తేదీతో, సమయంతో సహా ఉంటుంది. అందుకని ఆ చాట్‌ను చెరిపేయకుండా కొన్నాళ్ళు ఉంచుకోవడం మంచిది. ఆ అవసరం వస్తే 181కి గానీ, అత్యవసరమైతే 112కి గానీ ఫోన్ చేయవచ్చు. తెలంగాణలో షీ టీమ్స్‌కూ చెప్పవచ్చు.

చెరిపేయవలసినవి వేరే ఉన్నాయి. చూపులకు ముందు బయోడేటా, జాతకం, చీరలో రెండు ఫోటోలు, డ్రెస్‌లో రెండు ఫోటోలు మధ్యవర్తికి వెళ్ళాయి, ఆవిడ నుంచి వాళ్ళింటికి, వాళ్ళింటి నుంచి వాళ్ళ ఆడపడుచుల గ్రూపులోకి వెళ్ళాయి. బయోడేటాలో జీతం, ఆఫీసు పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. వద్దనుకున్న తర్వాత అవి ఎవరి ఫోన్లోనూ ఉండవలసిన పని లేదు. నాన్నగారు మధ్యవర్తితో మాట్లాడే ఆ ఫోన్‌లోనే ఈ సంగతి కూడా చెప్పాలి: "అబ్బాయి వివరాలన్నీ మా ఫోన్లలో తీసేశామమ్మా, అమ్మాయివి కూడా తీసేయమని వాళ్ళతో చెప్పు." ముందు తాము తీసేశాక అడిగితే ఎవరూ తప్పు పట్టరు. ఆ మాట అనే ముందు అమ్మ ఫోన్ ఒకసారి తెరిచి చూడాలి. అబ్బాయి ఫోటో ఆవిడ అప్పటికే ముగ్గురు అక్కచెల్లెళ్ళకు పంపి ఉంటుంది.